దోమ కడుపులో వైరస్‌కు పట్టే రోజులు

వేడి పెరిగితే డెంగీ ఎందుకు ఎక్కువవుతుంది? దోమలు ఎక్కువ పుట్టడమే కారణమా?

అదొక్కటే కాదు. రోగిని కుట్టిన ఈడిస్ దోమ వెంటనే జబ్బు అంటించలేదు. వైరస్ ముందు దాని పేగుల్లో పెరిగి, లాలాజల గ్రంథులకు చేరాలి. ఇందుకు 25 డిగ్రీల సెల్సియస్ వద్ద సగటున 15 రోజులు పడితే, 30 వద్ద వారం లోపే సరిపోతుంది. చల్లటి చోట చాలా దోమలు ఈలోపే చచ్చిపోతాయి.

నేపాల్‌లో తొలి డెంగీ కేసు 2004లో నమోదైంది. సుమారు 1,400 మీటర్ల ఎత్తున ఉన్న కాఠ్‌మాండూలోనూ 2022లో అది భారీగా వ్యాపించింది. వేడికి తోడు రాకపోకలు, డ్రమ్ముల్లో నిల్వ నీళ్లూ కారణమే; నిందంతా వాతావరణం మీద వేయలేం.

పైగా ఎండ ముదిరినకొద్దీ ముప్పు పెరగదు. వ్యాప్తికి 29 డిగ్రీల పరిసరాలు అత్యంత అనుకూలం. 35 దాటితే దోమ ఆయుష్షే తగ్గిపోతుంది.