కంపెనీ మారితే పోయిన బోనస్ తిరిగొస్తుందా?

ప్రశ్న: సార్, మాది తిరుపతి. కారు కొని ఐదో ఏడు. ఇంతవరకూ ఒక్క క్లెయిమ్ కూడా చేయలేదు. ఇప్పటి పాలసీలో నో క్లెయిమ్ బోనస్ 45 శాతం ఉంది. మొన్న అలిపిరి పార్కింగ్‌లో ఎవరో వెనక బంపర్‌ను గుద్ది వెళ్లిపోయారు. షెడ్డులో 11,500 అవుతుందన్నారు, క్లెయిమ్ పెట్టమన్నారు. వచ్చే నెల రెన్యువల్. క్లెయిమ్ చేసినా ఫర్వాలేదు, వేరే కంపెనీలో రాయిస్తే 50 శాతం బోనస్ వేయిస్తానని మా ఏజెంట్ అంటున్నాడు. నమ్మొచ్చా?

జవాబు: ఏజెంట్ మాట నమ్మొద్దు. ముందు అసలు క్లెయిమ్ చేయాలా వద్దా అన్నది లెక్క వేద్దాం.

బోనస్ పెరిగే క్రమం 2002 నాటి ఇండియా మోటార్ టారిఫ్‌లో ఉంది. కంపెనీలు ఇప్పటికీ దాన్నే పాటిస్తున్నాయి. క్లెయిమ్ లేకుండా ఒక ఏడాది గడిస్తే 20 శాతం, వరసగా రెండేళ్లకు 25, మూడేళ్లకు 35, నాలుగేళ్లకు 45, ఐదేళ్లకు 50. ఆపైన పెరగదు. ఈ తగ్గింపు మొత్తం ప్రీమియం మీద ఇవ్వరు. మీ కారుకు జరిగే నష్టానికి కట్టే ‘ఓన్ డ్యామేజ్’ భాగం మీదే ఇస్తారు. థర్డ్ పార్టీ ప్రీమియానికి దీంతో సంబంధం లేదు. మీ బండి ఎవరికైనా తగిలి వాళ్లు ట్రిబ్యునల్లో పరిహారం తెచ్చుకున్నా, మీ కారు రిపేరుకు మీరు డబ్బు అడగనంత వరకూ మీ బోనస్ చెక్కుచెదరదు.

పెరిగేటప్పుడు మెట్టు మెట్టుగా పెరుగుతుంది, పోయేటప్పుడు మాత్రం ఒక్కసారే కిందికి పడుతుంది. మీరు ఈ బంపర్‌కు క్లెయిమ్ తీసుకుంటే వచ్చే ఏడాది 45 కాస్తా 35 కాదు, సున్నా అవుతుంది. తప్పు అవతలివాడిదే కదా అని చాలామంది అడుగుతారు. కంపెనీ చూసేది తప్పు ఎవరిదని కాదు, మీ పాలసీ మీద డబ్బు చెల్లించామా లేదా అని.

బిల్లు 11,500 అన్నారు. అందులో బంపర్ 6,000, పెయింటింగ్ 4,000, కూలి 1,500 అనుకుందాం. ప్లాస్టిక్ వస్తువులకు సగం తరుగు తీసేస్తారు, కాబట్టి బంపర్ మీద 3,000 పోయింది. పెయింటింగ్ బిల్లులో నాలుగో వంతును రంగు ఖరీదుగా లెక్కగట్టి అందులో సగం కోస్తారు, అది 500. మీ కారు 1500 సీసీ లోపుదైతే ప్రతి క్లెయిమ్‌లో మీరు భరించాల్సింది 1,000. చివరికి చేతికొచ్చేది 7,000.

ఇక పోయేది చూడండి. బోనస్ తీయకముందు ఓన్ డ్యామేజ్ ప్రీమియం 10,000 అనుకోండి. క్లెయిమ్ చేయకపోతే వచ్చే ఏడాది నుంచి ఏటా 5,000 మిగులుతుంది. చేస్తే మొదటి ఏడాది మిగిలేది సున్నా, రెండో ఏడాది 2,000. అంటే ఈ రెండేళ్లలోనే 8,000 నష్టం. తర్వాతి మూడేళ్లలో తేడా 2,500, 1,500, 500. కారు పాతబడేకొద్దీ ప్రీమియం తగ్గుతుంది కాబట్టి చివరి అంకెలు ఇంతకంటే తక్కువే ఉంటాయి. రెండేళ్లు తిరక్కుండానే మరో పెద్ద ప్రమాదం జరిగి ఎలాగూ క్లెయిమ్ చేయాల్సి వస్తే ఈ లెక్క మారిపోతుంది. మీ పాలసీలో తరుగు కోయని జీరో డిప్రిసియేషన్ ఉంటే మీకు 10,500 వస్తుంది, అప్పుడు నిర్ణయం అంత తేలిక కాదు. బోనస్ ప్రొటెక్షన్ అనే రైడర్ తీసుకుని ఉంటే షరతులకు లోబడి క్లెయిమ్ చేసినా బోనస్ నిలుస్తుంది. అది పాలసీ తీసుకునేటప్పుడే తీసుకుని ఉండాలి, గుద్దుకున్నాక దొరకదు. ఈ రెండూ లేకపోతే నేనైతే జేబులోంచే కడతాను.

ఇప్పుడు ఏజెంట్ చెప్పిన దారి. కొత్త కంపెనీ ప్రపోజల్ ఫారంలో ‘గత పాలసీలో క్లెయిమ్ చేయలేదు’ అనే ప్రకటన ఉంటుంది. దాని కింద సంతకం ఏజెంట్‌ది కాదు, మీది. రేణిగుంట వైపు ఒకాయన ఇలాగే రాయించుకున్నారు. ఆరు నెలలకు కారు లారీ కిందికి దూరింది, బిల్లు మూడు లక్షలు దాటింది. కంపెనీ పాత పాలసీ వివరాలు తెప్పించుకుని, అబద్ధపు ప్రకటనతో పాలసీ తీసుకున్నారని క్లెయిమ్ తిరస్కరించింది. ఆయన ఆ ఫారం జిరాక్స్ నా టేబుల్ మీద పెట్టి ‘ఈ టిక్కు నేను పెట్టలేదు సార్’ అన్నారు. టిక్కు ఎవరు పెట్టారో నిరూపించడం ఎంత కష్టమో ఆరోజు ఆయనకు అర్థమైంది. ఆయన మిగుల్చుకున్నది నాలుగు వేల చిల్లర.

అలాంటి కేసుల్లో మాకు దొరికే ఆధారం ఒకటుంది. టారిఫ్‌లోని జనరల్ రెగ్యులేషన్ 27 ప్రకారం, బోనస్ ఇచ్చిన కొత్త కంపెనీ 21 రోజుల్లోగా పాత కంపెనీకి రాసి నిర్ధారించుకోవాలి. పాత కంపెనీ 30 రోజుల్లో జవాబివ్వాలి. కొత్త కంపెనీ ఆ పని చేయకుండా ప్రీమియం తీసుకుని, ప్రమాదం జరిగాక లేచిందని వాదిస్తాం. వినియోగదారుల కమిషన్లు కొన్ని కేసుల్లో కొంత కోసి మిగతాది ఇప్పించాయి, కొన్నింటిలో కంపెనీ తిరస్కరణే సరైనదన్నాయి. ఫలితం ఎటు పోతుందో తెలియని చోటికి నాలుగైదు వేల కోసం తెలిసి తెలిసి వెళ్లడం ఎందుకు?

ఇంకో చిట్కా కూడా ఏజెంట్లు చెబుతుంటారు: ముందు బోనస్‌తో రెన్యువల్ చేయించుకోండి, తర్వాత క్లెయిమ్ పెడదాం అని. ప్రమాదం ఏ తేదీన జరిగిందో ఆ పాలసీకే క్లెయిమ్ చెందుతుంది. ఆలస్యంగా పెట్టినా రెన్యువల్‌లో ఇచ్చిన బోనస్‌ను వెనక్కి అడుగుతారు, పైగా ఆలస్యం ఎందుకైందని ఒక ప్రశ్న అదనం.

బోనస్ పోయే దారులు ఇంకో రెండు మీకు తెలిసి ఉండాలి. పాలసీ ముగిశాక 90 రోజుల్లోగా రెన్యువల్ చేయకపోతే ఎన్నేళ్ల బోనస్ అయినా పోతుంది. రెండోది అమ్మకం. బోనస్ కారుది కాదు, మనిషిది. కారు కొన్నవాడికి అది రాదు. మీరు అమ్మేటప్పుడు కంపెనీ నుంచి బోనస్ రిజర్వేషన్ లెటర్ తీసుకుంటే మూడేళ్లలోగా కొనే మరో కారుకు వాడుకోవచ్చు. మన ఊళ్లో బావమరిదికి కారు ఇచ్చేసి, పాలసీ పాత పేరు మీదే నడిపించడం మామూలే. అలా ఉండగా ప్రమాదం జరిగితే ఇబ్బంది బోనస్ దగ్గర ఆగదు, అసలు క్లెయిమ్‌కే ఎసరు వస్తుంది. యజమాని కన్నుమూస్తే మాత్రం వేరు. కారు భార్యకో భర్తకో, పిల్లలకో, తల్లిదండ్రులకో వస్తే బోనస్ కూడా వాళ్లకు వస్తుంది.

షెడ్డువాళ్లు మీ తరఫున ఇప్పటికే కంపెనీకి ఫోన్ చేసి క్లెయిమ్ నంబర్ తెప్పించారేమో ఈరోజే అడగండి. పెండింగ్‌లో ఉన్న క్లెయిమ్ కూడా బోనస్‌ను ఆపుతుంది. నంబర్ వచ్చి ఉంటే, డబ్బు చెల్లించకముందే ఆ నంబర్ వేసి ‘క్లెయిమ్ ఉపసంహరించుకుంటున్నాను’ అని కంపెనీకి మెయిల్ పెట్టండి. ఏమీ చెల్లించకుండా క్లెయిమ్ మూసేశామని వాళ్లు పంపే జవాబును దాచుకోండి. రెన్యువల్ కాగితం రాగానే అందులో 50 శాతం పడిందో లేదో చూసుకోండి.