క్లయింట్ పేరు రాయలేని సందేశం గురించి, కొత్తగా చేరిన రిక్రూటర్‌కు

అమ్మా,

నువ్వు పంపిన రెండు ముసాయిదాలూ చదివాను. ఇంజెక్షన్ల ప్లాంటుకు క్వాలిటీ హెడ్ కావాలి, కంపెనీ పేరు మాత్రం ఎక్కడా రాకూడదు. ఇప్పుడు ఆ కుర్చీలో ఉన్న మనిషికి తన స్థానంలో మరొకరిని వెతుకుతున్నారన్న సంగతి తెలియదు. ఈ పని నీ చేతికి వచ్చింది కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

మొదటి ముసాయిదాలో ఇలా రాశావు: "ప్రముఖ ఔషధ సంస్థలో సీనియర్ క్వాలిటీ ఉద్యోగం, ఆకర్షణీయమైన జీతం, ఆసక్తి ఉంటే వెంటనే సీవీ పంపండి." ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ హైదరాబాద్‌లో ఉద్యోగం పేరుతో డబ్బు గుంజే మోసగాళ్లు పంపే సందేశం కూడా అచ్చం ఇలాగే ఉంటుంది. పేరు లేని కంపెనీ, పెద్ద జీతం, తొందర, ముందు కాగితాలు పంపమనడం. ఇరవై ఏళ్ల అనుభవమున్న మనిషి దీన్ని చూసి తుడిచేస్తే తప్పు ఆయనది కాదు.

అది పేలవంగా ఉందని నీకూ అనిపించి, రెండో ముసాయిదాలో వివరాలు నింపావు. పాశమైలారం, రెండు ఫిల్లింగ్ లైన్లు, లిస్టెడ్ కంపెనీ, ఇటీవలి అమెరికా ఎఫ్‌డీఏ తనిఖీలో ఏడు అబ్జర్వేషన్లు. ఇది చదివితే నమ్మకం కలుగుతుంది, నిజమే. కంపెనీ పేరు కూడా తెలిసిపోతుంది. ఎఫ్‌డీఏ తనిఖీ ముగిశాక, కనిపించిన లోపాలను అబ్జర్వేషన్లుగా రాసి ఫారం 483 ఇస్తే, లిస్టెడ్ కంపెనీలు సాధారణంగా ఆ సంగతిని స్టాక్ ఎక్స్ఛేంజీలకు తెలియజేస్తాయి. ఎన్ని అబ్జర్వేషన్లు వచ్చాయో మరునాడు వ్యాపార పేజీల్లో పడుతుంది. మిగతా వివరాల పక్కన ఆ అంకె చేరితే చాలు. ఈ రంగంలో పనిచేసేవాళ్లు రాష్ట్రంలోని ప్లాంట్ల తనిఖీ ఫలితాలను క్రికెట్ స్కోరు గుర్తుపెట్టుకున్నట్టు గుర్తుపెట్టుకుంటారు.

ఒక్కొక్క వివరం విడిగా చూస్తే ఏ ప్రమాదమూ లేదు. పాశమైలారంలో కంపెనీలు చాలా ఉన్నాయి, లిస్టెడ్ కంపెనీలూ ఉన్నాయి, ఇంజెక్షన్లు చేసేవీ ఉన్నాయి. నాలుగూ కలిస్తేనే ఒకే ఒక్క పేరు మిగులుతుంది. కాబట్టి "ఈ మాట రాయవచ్చా?" అని ఒక్కో మాటనూ విడిగా అడిగితే లాభం లేదు. మొత్తం చదివాక ఎన్ని కంపెనీలు మిగులుతున్నాయో చూడాలి. ఫార్మా నియామకాలు తెలిసి, ఈ పని గురించి తెలియని సహోద్యోగికి సందేశం చూపించు. మూడు ఊహల్లో ఆయన పేరు పట్టుకుంటే ఏదో ఒక వివరాన్ని మసకబార్చు, మళ్లీ ఇంకొకరికి చూపించు.

ఏది మసకబార్చాలి, ఏది ఉంచాలి అన్నదే అసలు విషయం. నేను పాటించే గీత ఇది: ఉద్యోగం గురించిన వివరాలు ఉంటాయి, కంపెనీ గురించిన వివరాలు పోతాయి. టర్నోవరు, ర్యాంకు, స్థాపించిన సంవత్సరం, తనిఖీ ఫలితం, షేర్ మార్కెట్లో ఉందా లేదా అన్నవి కంపెనీ వివరాలు. వీటిని చూసి మనిషి కంపెనీని గుర్తుపడతాడే గాని, ఆ ఉద్యోగం తనకు పనికొస్తుందో లేదో తేల్చుకోలేడు. ఎవరికి రిపోర్ట్ చేయాలి, చేతిలో ఏ అధికారం ఉంటుంది, కింద ఎంతమంది ఉంటారు, ఇంటి నుంచి ఎంత దూరం, జీతం ఎంత అన్నవి ఉద్యోగ వివరాలు. తేల్చుకోవడానికి కావలసినవి ఇవే. ఇవే వివరాలు ఒకే తరహా కంపెనీలు పదింటికి సరిపోతాయి కూడా.

ఇందులో ఒకదాన్ని దగ్గరగా చూడు. స్టెరైల్ ప్లాంటులో క్వాలిటీ హెడ్‌గా చేసినవారు మొదట చూసేది జీతం కాదు, రిపోర్టింగ్. ప్లాంటు హెడ్‌కు రిపోర్ట్ చేయాలంటే, నెలాఖరులో సరుకు పంపాలన్న ఒత్తిడి నేరుగా తన మీద పడుతుందని వారికి తెలుసు. బ్యాచ్‌ను ఆపే అధికారం కాగితం మీద ఉన్నా, ఆపిన రోజున తనకు అండగా నిలిచేవారు ఉండరు. కార్పొరేట్ క్వాలిటీ అధిపతికి రిపోర్ట్ చేస్తారు, బ్యాచ్ విడుదలపై తుది నిర్ణయం మీదే అని రాస్తే, ఆ ఒక్క వాక్యంతో రెండు సంగతులు తెలుస్తాయి. ఉద్యోగం నిజమైనదని, దాని గురించి రాసిన మనిషి క్లయింట్‌తో కూర్చుని మాట్లాడిందని. మోసగాడికి ఆ వాక్యం రాయడం రాదు. మీడియా ఫిల్, ఎన్విరాన్‌మెంటల్ మానిటరింగ్ బాధ్యత కూడా ఈ పదవిలోనే ఉంటే ఆ మాటా చేర్చు. ఈ పదాలు ఇంజెక్షన్ల ప్లాంట్లన్నింటికీ ఉమ్మడివి కాబట్టి ఎవరినీ పట్టివ్వవు.

ఊరి విషయంలో పారిశ్రామికవాడ పేరు వద్దు. అలాగని "హైదరాబాద్" అని ఊరుకోవడమూ సరికాదు. నిజాంపేటలో ఇల్లున్న మనిషికి పటాన్‌చెరు వైపు ప్లాంటు అంటే ఒక జీవితం, జడ్చర్ల అంటే ఇంకొక జీవితం. "నగరానికి పడమటి వైపు, మియాపూర్ నుంచి గంటలోపు ప్రయాణం, కంపెనీ బస్సు ఉంది" అంటే వారికి కావలసింది అందుతుంది. ఆ వైపున ఉన్న ప్లాంట్లు ఒకటీ రెండూ కావు.

గోప్యత ఎందుకో కూడా చెప్పాలి. చెప్పకపోతే ఖాళీని చదివేవాళ్లు తమ అనుమానాలతో నింపుకుంటారు. కానీ కారణం అబద్ధం కాకూడదు. "కొత్తగా సృష్టించిన పదవి" అని రాస్తే రేపు ఇంటర్వ్యూలో నిజం బయటపడుతుంది, మనం అంతకుముందు చెప్పినవన్నీ అనుమానంలో పడతాయి. "ఈ మార్పును సంస్థలో ఇంకా ప్రకటించలేదు" అన్నది నిజం, అది చాలు. ఇప్పుడు ఆ కుర్చీలో ఉన్న మనిషిని కూడా గుర్తుంచుకో. ఇక్కడి ఫార్మా రంగంలో ఒకే కాలేజీలో చదివినవాళ్లు, ఒకే ప్లాంటులో పని నేర్చుకున్నవాళ్లు సగం కంపెనీల్లో ఉంటారు. నీ సందేశం ఒక వాట్సాప్ గ్రూపులో పడితే, తన ఉద్యోగం పోబోతోందని ఆయనకు బ్యాచ్‌మేట్ ద్వారా తెలుస్తుంది. అందుకే పంపే ముందు ప్రతి అభ్యర్థి పాత ఉద్యోగాలూ చూడు. ఆయనతో కలిసి పనిచేసినవారు ఉంటే వారిని జాబితా చివరికి నెట్టి, క్లయింట్‌ను అడిగాకే ముందుకు వెళ్లు.

నేనైతే ఇలా రాస్తాను. నువ్వు పంపేది ఇంగ్లీషులోనే అనుకో, విషయం ఇది:

"నమస్కారం. స్టెరైల్ ఇంజెక్షన్లలో మీ అనుభవం, ముఖ్యంగా అసెప్టిక్ ఫిల్లింగ్ ప్లాంటులో క్వాలిటీ నడిపిన తీరు చూసి రాస్తున్నాను. ఇదే రంగంలోని ఒక తయారీ సంస్థ తన ప్లాంటుకు క్వాలిటీ హెడ్ కోసం వెతికే పనిని మాకు అప్పగించింది. కార్పొరేట్ క్వాలిటీ అధిపతికి రిపోర్ట్ చేస్తారు. బ్యాచ్ విడుదలపై తుది నిర్ణయం మీదే. వంద మందికి పైగా ఉన్న బృందం. నగరానికి పడమటి వైపు, మియాపూర్ నుంచి గంటలోపు. స్థిర వేతనం ఏడాదికి 65 నుంచి 75 లక్షలు, వేరియబుల్ దానికి అదనం. ఈ మార్పును సంస్థలో ఇంకా ప్రకటించలేదు కాబట్టి పేరు ఇక్కడ రాయలేను. ఒకసారి ఫోన్లో మాట్లాడాక, మీ సీవీ మా కార్యాలయం దాటకముందే, పేరు నేనే చెబుతాను. ఇప్పుడు సీవీ పంపనక్కర్లేదు. మీరు వెళ్లకూడదనుకునే కంపెనీలు ఉంటే ముందే చెప్పండి. నా గురించి తెలుసుకోవాలంటే మా వెబ్‌సైట్‌లో ఉన్న ల్యాండ్‌లైన్‌కు చేసి నా పేరు అడగండి."

చివరి మూడు వాక్యాలను తీసేయాలని నీకు అనిపించవచ్చు. తీయకు. "మేము డబ్బు అడగము" అని మోసగాళ్లు కూడా రాస్తారు, ఆ మాటకు విలువ లేదు. నీ సందేశంలో లేని నంబరుకు, తామే వెతికి పట్టుకున్న నంబరుకు ఫోన్ చేయమనడం మాత్రం వారు చేయలేరు. వెళ్లకూడదనుకునే కంపెనీలను అడగడం వెనుక కూడా ఒక లెక్క ఉంది. మన క్లయింట్ ఆ జాబితాలో ఉంటే, పేరు చెప్పే అవసరమే రాకుండా "మీకు ఇది సరిపోదు" అని మర్యాదగా తప్పుకోవచ్చు. మరో కన్సల్టెంటు ద్వారా వారి సీవీ ఆ కంపెనీకి ఇప్పటికే వెళ్లి ఉంటే, ఆ సంగతీ ఈ మాటల్లోనే తెలుస్తుంది.

జవాబు వచ్చాక పది మందిలో కనీసం కొందరు ఊహించి అడుగుతారు: "ఫలానా కంపెనీయేనా?" ఇక్కడ చాలామంది పట్టుబడతారు. తప్పు ఊహకు "కాదండీ" అని చెప్పి, సరైన ఊహకు మౌనం వహిస్తే, ఆ మౌనమే జవాబు. మొదటి పేరు నుంచి చివరి పేరు దాకా నీ మాట ఒకటే అయి ఉండాలి: "ఏ పేరు అడిగినా అవునని గాని కాదని గాని అననండీ. మాట్లాడాక నేనే చెబుతాను." గొంతు కూడా మారకూడదు. ముందే ఈ మాట బిగ్గరగా పలికి అలవాటు చేసుకో.

ఇవన్నీ పనిచేయడానికి ఒక షరతు ఉంది. పేరు ఎప్పుడు చెబుతామని రాశామో అప్పుడు చెప్పగలగాలి. కొందరు క్లయింట్లు ఇంటర్వ్యూ దాకా పేరు వద్దంటారు. అలాంటప్పుడు, ఉద్యోగంలో ఉన్న సీనియర్ మనిషి ఎవరూ పేరు తెలియని చోటికి సీవీ పంపరని, తొంభై రోజుల నోటీసు కాలమున్న వారు అసలే పంపరని క్లయింట్‌కు నువ్వే చెప్పాలి. ఒప్పుకోకపోతే మీ బాస్‌ను మధ్యలోకి తీసుకురా. నువ్వు మాత్రం నిలబెట్టుకోలేని మాట సందేశంలో రాయవద్దు. ఇక చేతిలో క్లయింట్ ఇచ్చిన పని ఏదీ లేకుండా, సీవీలు పోగు చేసుకోవడానికి "గోప్యమైన క్లయింట్" అని రాయడం మన వృత్తిలో ఉంది. అది ఎవరు చెప్పినా చేయకు. ఒకసారి అలా పిలిపించుకుని ఏమీ వినని మనిషి, తర్వాత నిజంగా పని ఉండి రాసినవారికి కూడా జవాబివ్వడు.

ఈ సాయంత్రం క్లయింట్ హెచ్‌ఆర్ అధిపతికి ఒక మెయిలు పెట్టు. జీతం పరిధి రాయవచ్చా, రిపోర్టింగ్ చెప్పవచ్చా, ప్రయాణ దూరం చెప్పవచ్చా, ఫోన్ సంభాషణ తర్వాత పేరు వెల్లడించవచ్చా అని నాలుగూ స్పష్టంగా అడుగు. జవాబు రాతపూర్వకంగా రావాలి. అది వచ్చాక, పై సందేశంలో వారు వద్దన్నది తీసేసి, మిగిలింది నాకు మళ్లీ పంపు. అప్పటిదాకా అభ్యర్థుల్లో ఎవరికీ ఏమీ పంపకు.

ఆశీస్సులతో,
నీ సీనియర్