టోన్‌కి వేరే వరస ఎందుకు?

భాషల్లో ధ్వనుల తీరును వివరించే ఆటోసెగ్మెంటల్ ఫొనాలజీ అనే సిద్ధాంతంలో టోన్‌ని, అంటే మాట అర్థాన్ని మార్చగల గొంతు హెచ్చుతగ్గుల స్థాయిని, అచ్చుతో కలిపి రాయకుండా పైన వేరే వరసలో ఎందుకు రాస్తారు?

టోన్ అచ్చులో భాగంలా కాకుండా సొంతంగా నడుచుకుంటుంది కాబట్టి. చాలా ఆఫ్రికా భాషల్లో అచ్చు లోపించినా దాని టోన్ పోదు, పక్క అచ్చు మీదికి చేరుతుంది. అందుకే 1976లో భాషాశాస్త్రవేత్త జాన్ గోల్డ్‌స్మిత్ టోన్లను ఒక వరసలో, ధ్వనులను ఇంకో వరసలో పెట్టి, రెంటినీ గీతలతో కలిపారు.

సియెర్రా లియోన్‌లోని మెండే భాషనే చూడండి. ‘ఎగువ-దిగువ’ అనే ఒకే బాణీ మూడు మాటల్లో ఉంది. ‘న్గిల’ అంటే కుక్క. రెండు అక్షరాలు, రెండు టోన్లు, లెక్క సరిపోయింది. కూడలి అనే అర్థమున్న ‘ఫెలమ’లో మూడో అక్షరానికి టోన్ మిగల్లేదు, దాంతో రెండోదాని దిగువే అక్కడికీ సాగింది. గుడ్లగూబకి వాడే ‘మ్బు’ది ఇంకా సరదా సంగతి: ఉన్నది ఒక్కటే అక్షరం, రెండు టోన్లూ దాని మీదే పడి, గొంతు పైనుంచి కిందికి జారుతుంది. ‘జారుడు టోన్’ అని మూడో రకాన్ని కల్పించుకునే పనే లేదు.

వేరే వరస కదా, ఏ టోన్ ఎక్కడైనా అతుక్కుంటుందని చాలామంది పొరబడతారు. గీతలు ఒకదాన్నొకటి దాటకూడదు. కాబట్టి ‘ఫెలమ’లో దిగువ ముందుకొచ్చి ఎగువ వెనక్కి పోవడం కుదరదు.