జీతాల ఖర్చు మూడున్నర లక్షలా, నాలుగున్నర లక్షలా?

"మాది విజయవాడలో చిన్న ప్రింటింగ్, బైండింగ్ యూనిట్. 22 మంది పనిచేస్తారు, అందరి జీతం దాదాపు 18 వేలే. ప్రతి నెలా 5న బ్యాంకు నుంచి జీతాలకు 3,50,130 వెళ్తుంది, దాన్నే జీతాల ఖర్చుగా రాస్తున్నాను. 15లోపు పీఎఫ్, ఈఎస్ఐ కింద ఇంకో లక్ష దాకా పోతుంది, అది 'పీఎఫ్ ఖర్చు' అని వేరే రాస్తున్నాను. మార్చి ఆఖరుకి బాకీలేమీ చూపలేదేంటని ఆడిటర్ అడుగుతున్నారు. ఎక్కడ తప్పు చేస్తున్నాను?" — ఒక పాఠకుడు, విజయవాడ

మీరు డబ్బు కట్టడంలో తప్పు చేయడం లేదండీ, రాయడంలోనే చేస్తున్నారు. బ్యాంకు నుంచి వెళ్లినదాన్నల్లా ఖర్చు అనుకోవడంతో చిక్కు మొదలైంది. మీ షాపులో ఒక బైండర్‌ని తీసుకుని, అతని ఒక్క నెల జీతం చూద్దాం. మీవాళ్లంతా పీఎఫ్ సభ్యులేననీ, 18,000 మొత్తం బేసిక్, డీఏలేననీ అనుకుంటున్నాను.

అతను సంపాదించినది 18,000. అందులోంచి మూడు కోతలు పడతాయి. పీఎఫ్ 12 శాతమే అయినా, మీరు 15,000 పరిమితి వరకే లెక్కిస్తున్నారు కాబట్టి 1,800. ఈఎస్ఐకి ఆ పరిమితి లేదు. నెల జీతం 21,000 దాటనివాళ్లకి మొత్తం జీతం మీద 0.75 శాతం, అంటే 135. వృత్తి పన్ను ఈ జీతానికి 150. మొత్తం 2,085 పోగా చేతికొచ్చేది 15,915. ఇది ఇరవైరెండు మందికి సరిగ్గా మీ 3,50,130 అవుతుంది.

ఆ 2,085 మీ డబ్బు కాదు, అలాగని మీకు కొత్త ఖర్చూ కాదు. అది బైండర్ జీతంలో భాగం. అతని తరఫున పట్టుకుని సర్కారుకి కట్టే దాకా మీ దగ్గర ఉన్న బాకీ. మీరేమో దాన్ని పట్టుకున్న రోజున ఎక్కడా రాయలేదు, కట్టిన రోజున మాత్రం మీ ఖర్చుగా రాసేశారు.

మీ జేబులోంచి నిజంగా అదనంగా పోయేది వేరే ఉంది. యజమాని పీఎఫ్ వాటా కూడా 1,800. ఇందులో 1,250 పింఛను పథకానికి, 550 అతని పీఎఫ్ ఖాతాకి వెళ్తాయి. ఇది కాక డిపాజిట్ బీమా 75, పరిపాలనా ఛార్జీలు 75. ఈఎస్ఐలో మీ వాటా 3.25 శాతం, అంటే 585. అన్నీ కలిపితే 2,535. అంటే బైండర్ మీకు నెలకు 20,535 ఖర్చు. నెలకు 26 రోజుల పని అనుకుంటే రోజుకు సుమారు 790. మీరు చేతికిచ్చిన జీతాన్ని బట్టి కొటేషన్ వేస్తుంటే రోజుకు 612 లెక్కన వేస్తున్నట్టు. స్కూలు పుస్తకాల ఆర్డర్లలో ఏమీ మిగలడం లేదని అనిపిస్తే ముందు ఇక్కడ చూడండి.

ఇప్పుడు ఇరవైరెండు మందికీ కలిపి, జూన్ 30న రాయాల్సినవి రెండే ఎంట్రీలు. జీతాలు 5న ఇస్తారు కదా అని 5న రాయకూడదు. పని జూన్‌లో జరిగింది కాబట్టి ఖర్చూ జూన్‌దే.

మొదటిది: జీతాల ఖాతాకి డెబిట్ 3,96,000. క్రెడిట్‌లో చెల్లించాల్సిన జీతాలు 3,50,130, పీఎఫ్ బాకీ 39,600, ఈఎస్ఐ బాకీ 2,970, వృత్తి పన్ను బాకీ 3,300.

రెండోది: యజమాని వాటా ఖర్చుకి డెబిట్ 55,770. క్రెడిట్‌లో పీఎఫ్ బాకీ 42,900, ఈఎస్ఐ బాకీ 12,870.

నెల ఖర్చు 4,51,770 అని ఇక్కడే తేలిపోయింది. ఆ తర్వాత బ్యాంకు నుంచి ఏది వెళ్లినా బాకీ తీర్చడమే. 5న జీతాలు ఇస్తే చెల్లించాల్సిన జీతాలు సున్నా అవుతాయి. 10లోపు వృత్తి పన్ను, 15లోపు పీఎఫ్ చలానా 82,500, ఈఎస్ఐ చలానా 15,840 కట్టేస్తే మిగతావీ సున్నా అవుతాయి. మీరు 'పీఎఫ్ ఖర్చు' అని రాస్తున్న దాదాపు లక్షలో మీ అసలు ఖర్చు సగానికి కాస్త ఎక్కువ, అంతే.

మధ్యలో అడ్వాన్సులు వస్తాయి. బైండర్ ముందే 3,000 తీసుకుని ఉంటే ఈ నెల అతని చేతికి 12,915 ఇస్తారు. అయినా జీతం ఖర్చు 18,000లో రూపాయి తగ్గదు. అడ్వాన్సు అతను మీకు ఇవ్వాల్సినది, అది తీరిందంతే. చిన్న సంస్థల పుస్తకాల్లో నేను ఎక్కువగా చూసే పొరపాటు ఇదే: అడ్వాన్సు ఇచ్చిన రోజున ఖర్చు రాస్తారు, కోసుకున్న నెలలో మళ్లీ పూర్తి జీతమూ రాస్తారు.

ప్రతి నెలా 16న బాకీ లెడ్జర్లు తెరిచి చూడండి. ఆ నెలాఖరు ఎంట్రీలు ఇంకా రాయలేదు కాబట్టి అన్నీ సున్నా ఉండాలి. పీఎఫ్ లెడ్జర్‌లో డెబిట్ మిగిలితే, అంటే రాసినదానికంటే ఎక్కువ కట్టారంటే, దాదాపు ఎప్పుడూ ఆ బీమా, పరిపాలనా ఛార్జీలు రాయడం మరిచిపోయినట్టే. మీకైతే అది 3,300 ఉంటుంది. క్రెడిట్ మిగిలితే ఎవరిదో కోసి కట్టలేదన్నమాట.

అన్నిటికీ కలిపి ఒకే లెడ్జర్ మాత్రం పెట్టకండి. మీ విషయంలోనే చూడండి, వృత్తి పన్ను కూడా 3,300. ఒక నెల ఆ పన్ను కట్టడం మరిచి, అదే నెల పీఎఫ్ ఛార్జీలు రాయడం మరిచారనుకోండి. ఒక తప్పు క్రెడిట్, ఒక తప్పు డెబిట్. కలిపిన లెడ్జర్ సున్నా చూపిస్తుంది, మీరు నిశ్చింతగా మూసేస్తారు. వేర్వేరుగా ఉంటే రెండూ బయటపడతాయి.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. నా దగ్గరికొచ్చిన ఒక వ్యాపారి కోసిన పీఎఫ్‌తో పేపరు రీములు కొన్నాడు, పదో తేదీకల్లా పార్టీ బిల్లు వస్తుందన్న ధీమాతో. బిల్లు రెండు నెలలకి వచ్చింది. ఆలస్యానికి ఏడాదికి 12 శాతం వడ్డీ, దానిపైన నష్టపరిహారం పడ్డాయి. అది అటుంచితే, కోసి కట్టకపోవడం నేరం కిందికి వస్తుంది. మీరు 5న జీతాలు వేసేటప్పుడే మిగిలిన 1,01,640 కూడా ఇంకో కరెంటు ఖాతాలోకి మార్చేయండి. చలానాలన్నీ దాంట్లోంచే కట్టండి.

గ్రాట్యుటీ బాకీకి చలానా లేదు కాబట్టి ఎవరికీ గుర్తుండదు. అయిదేళ్లు దాటినవాళ్లకి ఏడాదికి పదిహేను రోజుల జీతం, నెలను 26 రోజులుగా లెక్కించి. మీ బైండర్‌కి ఏడాదికి 10,385 చొప్పున పెరుగుతోంది. అయిదేళ్ల లోపే మానేసేవాళ్లూ ఉంటారు కాబట్టి మొత్తం పక్కన పెట్టక్కర్లేదు గానీ, పాతకాపులు ఎంతమందో ఇప్పుడే లెక్కేసుకోండి.

ఇక మీ ఆడిటర్ ప్రశ్న. మార్చి పని తాలూకు జీతాలు, చలానాలు ఏప్రిల్‌లో కట్టారు, ఏప్రిల్ ఖర్చుగా రాశారు. కాబట్టి మార్చి 31న 4,51,770 బాకీ ఉన్నా మీ బ్యాలెన్స్ షీట్‌లో కనిపించలేదు. ఏటా ఇలాగే రాస్తున్నారు కాబట్టి ఖర్చు పన్నెండు నెలలదే పడుతూ వచ్చింది, అందుకే తేడా తెలియలేదు. ఇప్పుడు సరిచేస్తే ఆ ఒక్క ఏడాదికి పదమూడు నెలల జీతాలు ఎదురవుతాయి. పాత ఏడాదికి చెందిన ఆ నెలను ఎలా చూపాలో ఆడిటర్‌తో ముందే తేల్చుకోండి. వర్కింగ్ క్యాపిటల్ రుణం రెన్యువల్ దగ్గర్లో ఉంటే బ్యాంకుకి కూడా కారణం ముందే చెప్పండి, లాభం ఒక్కసారిగా ఎందుకు పడిందని వాళ్లు తప్పకుండా అడుగుతారు.