డీడ్‌లో 62 లక్షలు, అమ్మినాయన ముట్టింది 33.60 లక్షలే అంటున్నాడు, ఇప్పుడెలా?

ప్రశ్న: లాయర్ గారూ, 2024 జూన్‌లో నిజాంపేటలో రీసేల్ ఫ్లాట్ కొన్నాం, నా పేరు మీదే. సేల్ డీడ్‌లో 62 లక్షలు, మొత్తం ముట్టిందనే రాసుంది. ఇప్పుడు అమ్మినాయన నోటీసు పంపాడు, ఆయన అకౌంట్లోకి 33.60 లక్షలే వచ్చాయట, మిగతా 28.40 లక్షలు 15 రోజుల్లో కట్టకపోతే డీడ్ క్యాన్సిల్ చేయిస్తాడట. మేం పూర్తిగా కట్టేశామండీ. కానీ నా స్టేట్‌మెంట్లో 12 లక్షలు, లోన్ 45 లక్షలు కలిపినా 57 దగ్గరే ఆగుతోంది. పేపర్లన్నీ పంపుతున్నా. ఇల్లు పోతుందా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ఇల్లు పోదమ్మా, ముందు ఆ భయం పక్కన పెట్టండి. కానీ నోటీసుకి జవాబు రాసేముందు లెక్క తేలాలి. ఎందుకంటే "అంతా కట్టేశాం" అని ఒక్క ముక్క రాసి పంపేస్తే, రేపు కోర్టులో ఆయన లాయరు మీ స్టేట్‌మెంట్ మీ చేతికే ఇచ్చి ఇందులో 62 ఎక్కడుందో చూపించండి అంటాడు, అప్పుడు తడుముకుంటే బాగోదు.

చాలామంది చేసే పనే మీరూ చేశారు, మీ ఒక్క అకౌంట్లోంచి ఎంత పోయిందో కూడారు. ఆయనేమో తన ఒక్క అకౌంట్లోకి ఎంత వచ్చిందో కూడాడు. రెండూ 62 రావు, రావాల్సిన పని కూడా లేదు. డీడ్‌లో రాసేది ఫ్లాటు ధర. ఆ ధర ఎవరి అకౌంట్లోంచి పోయి ఎవరి అకౌంట్లో పడిందన్నది వేరే సంగతి. కాబట్టి మొత్తాలు పోల్చొద్దు, డీడ్‌లో డబ్బు గురించి రాసిన పేరా తీసుకుని ఒక్కో మొత్తానికీ ఎదురుగా ఒక్కో ఎంట్రీ పెట్టుకుంటూ పోవాలి.

మీ డీడ్‌లో ఆ పేరా రెండో పేజీలో ఉంది. అడ్వాన్సు 2 లక్షలు, చెక్కు ద్వారా 8 లక్షలు, హోమ్ లోన్ నుంచి రెండు డీడీల్లో 45 లక్షలు, టీడీఎస్ 62 వేలు, మిగతా 6,38,000 "ఈ దినము ముట్టినది". కూడితే సరిగ్గా 62. ఇప్పుడు ఒక్కోటీ చూద్దాం.

అడ్వాన్సు 2 లక్షలు మీ స్టేట్‌మెంట్లో లేదు, ఎందుకంటే అది మీవారి అకౌంట్లోంచి ఐఎంపీఎస్‌లో పోయింది. మీవారి స్టేట్‌మెంట్ కూడా మీరే పంపారు, అందులో కనిపిస్తోంది. దీని గురించి గొడవ లేదు, అమ్మినాయన ఒప్పుకుంటున్న 33.60 లోనే ఈ 2 లక్షలు కలిసున్నాయి.

8 లక్షల దగ్గర కాస్త ఆగాలి. డీడ్‌లో చెక్కు నంబరు రాశారు, కానీ మీ స్టేట్‌మెంట్ చూస్తే ఆ చెక్కు రిటర్న్ అయింది, రిటర్న్ చార్జీ కూడా కట్ అయింది, నాలుగు రోజుల తర్వాత అదే 8 లక్షలు ఆర్‌టీజీఎస్ చేశారు. డీడ్ డ్రాఫ్ట్ ముందే రెడీ అయిపోయి ఉంటుంది, డాక్యుమెంట్ రైటర్ పాత నంబరే ఉంచేశాడు. ఇలాంటివి నేను తరచూ చూస్తుంటాను, ఎవరూ పట్టించుకోరు, గొడవ వచ్చినప్పుడే అవతలివాళ్లు రిటర్న్ మెమో పట్టుకొచ్చి "చూశారా, ఈ 8 లక్షలు రానేలేదు" అంటారు. మీ అదృష్టం కొద్దీ ఆయన ఆ పాయింటు తీయలేదు, ఆర్‌టీజీఎస్ 8 లక్షలు వచ్చినట్టే లెక్కేశాడు. అయినా జవాబులో ఆ ఆర్‌టీజీఎస్‌కి బ్యాంకు ఇచ్చిన యూటీఆర్ నంబరు, తేదీ రాసి, ఫలానా రిటర్న్ అయిన చెక్కు బదులు పంపిన డబ్బు ఇదేనని స్పష్టంగా చెప్పండి. ఎప్పుడైనా డీడ్‌లో చెక్కు నంబరుంటే అది డబ్బు పోయినట్టు రుజువు కాదు, స్టేట్‌మెంట్లో క్లియర్ అయిన ఎంట్రీ ఉంటేనే రుజువు.

అసలు కిటుకంతా 45 లక్షల్లో ఉంది. మీ బ్యాంకు ఇచ్చిన రెండు డీడీల్లో ఒకటి 23,60,000, అది అమ్మినాయన పేరుతో ఉంది, ఆయన అకౌంట్లో పడింది. రెండోది 21,40,000, అది ఆయన పేరుతో లేదు, ఆ ఫ్లాటు మీద ఆయనకున్న పాత హోమ్ లోన్ అకౌంటుకి, అంటే ఆయన బ్యాంకు పేరుతో ఉంది. అది ఆయన సేవింగ్స్ స్టేట్‌మెంట్లో ఎలా కనిపిస్తుంది? కనిపించదు. కానీ ఆయన బాకీ తీరిందిగా, ఆయన తరఫున ఆయన అప్పు మీరు కట్టినట్టేగా, అది ధరలో భాగమే. డీడ్‌లో ఆ డీడీ నంబరు రాసుంది, ఆయన సంతకం కింద ఉంది. దీనికి కావాల్సిన కాగితాలు మూడు: లోన్ మూసేయడానికి ఎంత కట్టాలో చెబుతూ ఆయన బ్యాంకు ఇచ్చిన ఫోర్‌క్లోజర్ లెటర్, లోన్ క్లోజ్ అయినట్టు ఎన్‌ఓసీ, డీడీ కాపీ. ఒరిజినల్స్ మీ బ్యాంకు దగ్గర మీ లోన్ ఫైల్లో ఉంటాయి, అప్లికేషన్ పెట్టి కాపీలు తీసుకోండి. ఒక జాగ్రత్త, మీ లోన్ స్టేట్‌మెంట్లో డిస్బర్స్‌మెంట్ అని ఉన్న అంకెని అలాగే ఎత్తి రాయకండి, ఇన్సూరెన్స్ ప్రీమియం కూడా లోన్లో కలిపేస్తే ఆ అంకె పెరుగుతుంది, ధరకి పోయింది డీడీల మొత్తమే. స్టాంప్ డ్యూటీ, బ్రోకరేజీ, సొసైటీకి కట్టినవి కూడా ఇందులో కలపకండి, అవి ధర కాదు.

టీడీఎస్ 62 వేలు సులువు. ధర 50 లక్షలు లేదా పైన ఉంటే కొన్నవాళ్లు ఒక శాతం పట్టుకుని ఇన్‌కమ్ ట్యాక్స్‌కి కట్టాలి కాబట్టి ఆ డబ్బు అమ్మినాయన చేతికి రాదు, ఆయన పాన్ మీద జమ అవుతుంది. మీరు 26క్యూబీ చలాను, ఫారం 16బీ పంపారు, చాలు. ఇంకో మాట, ఆ 26క్యూబీలో ధర 62 లక్షలనే ఉంది. ఆయన తన రిటర్న్‌లో ఈ 62 వేలు క్లెయిమ్ చేసుకుని, అమ్మిన ధర 62 లక్షలని చూపించుంటే ఇప్పుడు ముట్టలేదనడం ఆయనకే ఇబ్బంది. కేసు వేస్తే 2025-26 అసెస్‌మెంట్ ఇయర్ రిటర్న్ కోర్టులో పెట్టమని అడగొచ్చు.

ఇక చివరి 6,38,000. ఇందులో 3,38,000 మీరు ఆయన కొడుకు అకౌంటుకి ఆర్‌టీజీఎస్ చేశారు. డీడ్‌లో కొడుకు పేరు ఎక్కడా లేదు. అమ్మినాయన చెప్పకుండా కొడుక్కి పంపితే అది ధర కింద లెక్కకు రాదు, కొడుక్కి అప్పిచ్చారనో ఇంకేదో అంటారు. కానీ మీ దగ్గర ఆయన నంబరు నుంచి వచ్చిన వాట్సాప్ మెసేజ్ ఉంది, కొడుకు అకౌంట్ నంబరు, ఐఎఫ్ఎస్‌సీ, కింద "బ్యాలెన్స్ దీన్లో వెయ్యండి" అని. ఆ ఒక్క మెసేజే 3,38,000 విలువ చేస్తుంది. ఆ ఫోన్ మార్చకండి, ఫార్మాట్ చేయకండి, స్క్రీన్‌షాట్ ఒక్కటే సరిపోదు, కోర్టులో దాఖలు చేసేటప్పుడు ఎలక్ట్రానిక్ సాక్ష్యాలకి కావాల్సిన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ జతచేయాలి. బ్యాంకు స్టేట్‌మెంట్లు కూడా నెట్‌లో తీసిన ప్రింట్లు కాకుండా బ్యాంకు సర్టిఫై చేసి ఇచ్చినవి తీసుకోండి.

ఇప్పుడు కూడితే 21,40,000 ప్లస్ 62,000 ప్లస్ 3,38,000, మొత్తం 25,40,000. ఆయన అడుగుతున్న 28,40,000 లో ఇది తీసేస్తే మిగిలింది 3 లక్షలు. మీవారు లెక్క కాగితం మూల పెన్సిల్‌తో "క్యాష్ 3" అని రాసుకున్నారే, అదే ఇది. మీకు తేలని 5 లక్షలు కూడా ఇంతే, మీవారు పంపిన 2, ఈ క్యాష్ 3.

ఈ 3 లక్షలకి బ్యాంకులో ఆనవాలు లేదు, మీకున్న రుజువు డీడ్‌లోని "ముట్టినది" అన్న మాట, రిజిస్ట్రార్ ముందు ఆయన సంతకం. డీడ్ వెనక వైపు ఎండార్స్‌మెంట్ కూడా చదవండి, రిజిస్ట్రార్ ఎదుట డబ్బు ఇచ్చినా, ముట్టిందని ఒప్పుకున్నా అక్కడ రాయాలి. ఇది బలమైన సాక్ష్యమే, కానీ తిరుగులేనిది కాదు. డీడ్‌లో ఏం రాసున్నా డబ్బు నిజంగా రాలేదని రుజువు చేసుకునే దారి అమ్మినవాళ్లకి చట్టంలో ఉంది, కాకపోతే ఆ భారం ఆయన మీద ఉంటుంది. మీవారు అకౌంట్లోంచి డ్రా చేసిన ఎంట్రీ ఉంటే డబ్బు ఎక్కడిదో తెలుస్తుంది, అది ఆయన చేతికి చేరిందని మాత్రం తేలదు.

ఇంకో చిక్కుంది. స్థిరాస్తి అమ్మకానికి సంబంధించి 20 వేలు, ఆపైన క్యాష్ తీసుకోకూడదు, తీసుకుంటే అంతే మొత్తం పెనాల్టీ పడొచ్చు, అది తీసుకున్నాయనకి, ఇచ్చినవాళ్లకి కాదు. ఆయన ఆ 3 లక్షలు ఒప్పుకోకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. పైగా 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఒక కేసులో, 2 లక్షలు, ఆపైన క్యాష్ ఇచ్చామని దావాలో చెబితే కోర్టు ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లకి తెలియజేయాలని చెప్పింది. కాబట్టి ఆ డబ్బు సోర్సు ఏంటో ఇప్పుడే మీ ఆడిటర్‌తో కూర్చుని తేల్చుకోండి. భయపడి దాన్ని ఇంకో రకంగా చూపించడం, పాత తేదీతో రసీదు పుట్టించడం లాంటివి చేస్తే మాత్రం మంచి కేసు చేజేతులా పాడు చేసుకున్నట్టే, ఒక్క కాగితం దొంగదని తేలితే మిగతా 59 లక్షల కాగితాల మీదా అనుమానం వస్తుంది.

ఇక క్యాన్సిల్ సంగతి. ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షన్ ప్రకారం ధర మొత్తం ముట్టినా, కొంత ముట్టి కొంత ఇస్తామన్నా, అది అమ్మకమే. 2020లో దాహిబెన్ కేసులో అమ్మినవాళ్లు 1.74 కోట్లలో 40 వేలే ముట్టిందన్నారు, అయినా రిజిస్టరైన డీడ్ ఆ కారణంతో రద్దు కాదని, బాకీ ఉంటే వసూలుకి వేరే దారి చూసుకోవాలని సుప్రీంకోర్టు చెప్పింది. పైసా కూడా ఇవ్వకుండా, ఇస్తామని కూడా లేకుండా రాయించుకున్న డీడ్ సంగతి వేరు, 2021లో కేవల్ కృషన్ కేసులో అలాంటిది చెల్లదన్నారు, మీది అది కాదు. ఒకవేళ ఆ 3 లక్షలు రాలేదని ఆయన రుజువు చేసినా, ఆయనకి దక్కేది ఆ 3 లక్షలు, దాని మీద వడ్డీ. మీ నుంచి నేరుగా వసూలుకి మూడేళ్ల గడువు, రాని ధరకి ఫ్లాటు మీద ఆయనకుండే హక్కు, అంటే చార్జీ కింద వసూలు చేసుకోవాలంటే 12 ఏళ్లు, కాబట్టి గడువు దాటిపోతుందిలే అని కూర్చోకండి.

ఆయన ఒక్కడే సబ్ రిజిస్ట్రార్ దగ్గరికెళ్లి రద్దు దస్తావేజు రాసేయడం కూడా కుదరదు. మన దగ్గర రిజిస్ట్రేషన్ రూల్స్‌లో 26(కె) ఉంది, సేల్ డీడ్ రద్దు చేయాలంటే ఇద్దరూ సంతకం పెట్టాలి, లేదా కోర్టు ఉత్తర్వు ఉండాలి. అయినా ఒకసారి ఆ ఫ్లాటు మీద రిజిస్టరైన లావాదేవీలు చూపించే ఈసీ తీసి చూసుకోండి, కొత్త ఎంట్రీ ఏదీ లేదు కదా అని, అందులోనే కన్సిడరేషన్ వాల్యూ 62 లక్షలుందో లేదో కూడా చూడండి.

నోటీసు గడువులోపే లాయరు ద్వారా జవాబివ్వండి, 25,40,000 కి మూడు ఎంట్రీలూ నంబర్లతో సహా రాయించండి, మిగతా 3 లక్షల గురించి డీడ్‌లో ఆయనే ముట్టిందని ఒప్పుకున్న మాట ఉన్నదున్నట్టు ఎత్తి రాయించండి. ఆయన మీకు తెలియకుండా ఇంజంక్షన్ తెచ్చుకోకుండా మా మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వొద్దని ఆ ఏరియా సివిల్ కోర్టులో ముందే కేవియట్ వేయించండి, అది 90 రోజులే పనిచేస్తుంది, అవసరమైతే మళ్లీ వేయాలి.