బర్త్‌డే మెసేజ్: మీరు, నువ్వు కలిసిపోయాయి

“ప్రియమైన మిత్రమా, మీకు జన్మదిన శుభాకాంక్షలు. నువ్వు నిండు నూరేళ్లు చల్లగా ఉండండి. నీ స్నేహం దొరకడం నా అదృష్టంగా భావిస్తున్నాను.” క్లోజ్ ఫ్రెండ్‌కి ఇది. ఎక్కడో తేడాగా ఉంది, సరిచేయరా?

1. ‘మీకు’, ‘నువ్వు’ కలిసిపోయాయి. క్లోజ్ ఫ్రెండ్ కాబట్టి అంతా ‘నువ్వు’లోకి మార్చండి.

2. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, క్రియను మర్చిపోతారు. ‘నువ్వు’ అన్నాక ‘ఉండండి’ రాదు, ‘ఉండాలి’ అనండి.

3. ‘దొరకడం అదృష్టంగా భావిస్తున్నాను’ తప్పేం కాదు. కానీ ‘భావిస్తున్నాను’ సన్మాన సభ మాట, తీసేయండి.

4. ‘ప్రియమైన మిత్రమా’ బదులు మీరు రోజూ పిలిచే పిలుపే పెట్టండి. మీ ఇద్దరికే తెలిసిన సంగతి ఒకటి కలపండి. ఉదాహరణకు:

“హ్యాపీ బర్త్‌డే రా! నిండు నూరేళ్లు చల్లగా ఉండాలి నువ్వు. నేను సప్లీ రాసిన రోజు సాయంత్రం దాకా గేటు దగ్గరే నిలబడ్డావు చూడు, అది మర్చిపోను. నువ్వు దొరకడం నా అదృష్టం.”

అమ్మాయైతే ‘రా’ బదులు పేరు పెట్టండి.