కుదరనిది గురువారమే, కలవడం కాదు

ప్రశ్న: మాది దేవరకొండ. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో అకౌంట్స్ చూస్తాను. వడ్ల సీజన్, ఊపిరి సలపడం లేదు. అమ్మ ఎవరి దగ్గర ఉండాలో మాట్లాడుకుందామని అన్న గురువారం పొద్దున 11కు రమ్మన్నాడు. ఆ టైమ్‌కు నాకు కుదరదు. ఇంతకుముందు రెండుసార్లు ‘చూద్దాంలే అన్నా’ అన్నాను. మళ్లీ కాదంటే అమ్మను వదిలించుకుంటున్నానని అనుకుంటాడని టెన్షన్. ఎలా చెప్పాలి?

జవాబు: అమ్మా, ఈసారి ‘చూద్దాం’ అనకండి. మన ఇళ్లలో ఆ మాటకు ‘రాను’ అనే అర్థం. బుధవారం రాత్రి దాకా ఆగకండి కూడా. అప్పటికి వదిన మీకూ కలిపి వంటకు అన్నీ సిద్ధం చేసుకుని ఉంటుంది, అప్పుడు చెబితే కారణం ఎంత నిజమైనా మనసు నొచ్చుకుంటుంది. ఈరోజే ఫోన్ చేయండి.

అయితే దానికి ముందు మీ మిల్లు యజమానితో మాట్లాడి రెండు ఖాళీ సమయాలు ఖాయం చేసుకోండి. మీరిచ్చిన టైమ్‌ను మళ్లీ మీరే మార్చారంటే అన్న ఇక నమ్మడు. ఫోన్‌లో వస్తానన్న మాట ముందు, కుదరదన్నది తర్వాత రావాలి. ఇలా చెప్పండి:

“అన్నా, అమ్మ సంగతి మాట్లాడుకోవాల్సిందే, నేను తప్పకుండ వస్తా. గురువారం 11కు మాత్రం లారీలు దిగుతుంటయి, లెక్క రాసేది నేనే, వదిలి రాలేను. శనివారం రాత్రికే వచ్చి ఇంట్ల పడుకుంటా, ఆదివారం పొద్దున టిఫిన్ కాంగనే కూసుందాం. అది కాకుంటే సోమవారం సాయంత్రం 6కు వస్తా. నీకూ వదినకూ ఏది వీలైతదో చెప్పు.”

కారణం ఆ ఒక్క వాక్యమే చాలు. మిల్లు కష్టాలన్నీ ఏకరువు పెడితే సాకులు వెతుకుతున్నట్టు వినిపిస్తుంది. ‘వచ్చే వారం ఎప్పుడైనా’ అని వదిలేయడమూ అంతే, రోజు వెతికే పని అన్న నెత్తిన పడుతుంది. రాత్రికి వచ్చి పడుకుంటానన్న మాట మాత్రం వదలకండి. తీరిక చేసుకునే వస్తున్నారని దానితోనే తెలుస్తుంది. ఆయన ఒకటి ఖాయం చేశాక ఆ రోజు, గంట వాట్సాప్‌లో పెట్టండి, రెండో టైమ్ మిల్లుకు తిరిగి ఇచ్చేయండి.

‘లేదు, గురువారమే’ అంటే కోపం తెచ్చుకోకుండా ఎందుకని అడగండి. మీ మేనమామనో ఊరి పెద్దమనిషినో ఆ రోజుకే పిలిచి ఉంటే, రోజు మార్చడం ఆయన చేతిలో లేదు. అప్పుడు అదే రోజు సాయంత్రానికి జరపమనండి. అదీ కుదరకపోతే 11కు అరగంట ఫోన్‌లో ఉంటానని చెప్పండి, అమ్మ విషయం తేల్చేది మాత్రం ఆదివారం ఎదురెదురుగా కూర్చున్నాకే అని ముందే ఒప్పించుకోండి. అలాంటి అడ్డేమీ లేకపోతే, ఆదివారం నుంచి బుధవారం లోపల ఆయననే ఒక సాయంత్రం చెప్పమనండి. దానికి ఎలాగైనా వెళ్లండి, ఆ ఒక్క పూట లెక్కలు మిల్లులో ఇంకొకరికి అప్పగించి అయినా సరే.